కడుపునొప్పితో మొదలై బ్రెయిన్ డెత్‌ను తలపించిన కట్లపాము కాటు: ఒక కేసు నివేదిక

నేపథ్యం: కట్లపాము రాత్రిపూట, నేలమీద నిద్రపోతున్నవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, కాటు గుర్తు కనిపించకపోవచ్చు. విషం నరాల చివర్ల దగ్గర అసిటైల్‌కోలిన్ విడుదలను ఆపేయడంతో కండరాలు చచ్చుబడతాయి. అరుదుగా కనుపాపలూ స్పందించవు. అప్పుడు స్పృహలో ఉన్న మనిషి కూడా మెదడు చనిపోయినవాడిలా కనిపిస్తాడు.

కేసు వివరాలు: నలభైల్లో ఉన్న పురుషుడు. వానాకాలంలో ఆరుబయట చాప మీద పడుకుని, తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేచారు. గ్యాస్ నొప్పి అనుకుని ఊళ్లోనే ఇంజెక్షన్ వేయించుకున్నారు. మూడు గంటల్లో రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చింది. మా దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అందడం లేదు. వెంటనే గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాం. ఒళ్లంతా వెతికినా కాటు కనిపించలేదు. తర్వాత రెండు గంటలకు ఏ కదలికా లేదు. కనుపాపలు రెండూ 6 మి.మీ. వెడల్పై, వెలుగుకు కదల్లేదు. బ్రెయిన్ స్టెమ్ రిఫ్లెక్సులు లేవు. అప్పటికి మత్తుమందులేవీ ఇవ్వలేదు. సీటీ స్కాన్, 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష నార్మల్. రక్తంలో సోడియం మాత్రం తక్కువగా, 129 mEq/L ఉంది. ఈఈజీలో ఆల్ఫా లయ కనిపించింది, చప్పట్లు కొడితే మారింది. అంటే రోగి వింటున్నారు. ఆ క్షణం నుంచి తేలికపాటి మత్తు, నొప్పి మందు మొదలుపెట్టి, పేరుతో పిలిచి చెప్పాకే ఏ పనైనా చేశాం.

చికిత్స, ఫలితం: పాలీవేలెంట్ యాంటీవీనమ్ 10 వయల్స్, తర్వాత మరో 10 ఇచ్చాం. అట్రోపిన్‌తో కలిపి ఇచ్చిన నియోస్టిగ్మిన్ పనిచేయలేదు. మూడో రోజు కాలి బొటనవేలు కదిలింది, నాలుగో రోజు కనుపాపలు స్పందించాయి. ఏడో రోజు గొట్టం తీశాం, పదకొండో రోజు నడిచి ఇంటికి వెళ్లారు. మొదటి రోజు మంచం పక్కన బంధువులు "ఇంటికి తీసుకెళ్దామా" అనుకున్న మాట విన్నానని ఆయనే చెప్పారు.

పరిమితి: పామును ఎవరూ చూడలేదు, విషం పరీక్ష మాకు అందుబాటులో లేదు. లక్షణాలు, అవి కనిపించిన క్రమం, కోలుకున్న తీరు ఆధారంగా రోగ నిర్ధారణ చేశాం.

ముగింపు: తెల్లవారుజామున కడుపునొప్పి, ఆపై రెప్పలు వాలడం ఉంటే, కాటు గుర్తు లేకపోయినా కట్లపామును అనుమానించాలి. ఆ అనుమానం ఉన్నంతవరకూ బ్రెయిన్ డెత్ పరీక్షలకు వెళ్లకూడదు.

కీలక పదాలు: కట్లపాము, రెప్పవాలు, కృత్రిమ శ్వాస, యాంటీవీనమ్

రోగి సమ్మతి, గోప్యత: వెంటిలేటర్ మీద ఉండగా కుటుంబాన్ని ప్రచురణ గురించి అడగలేదు. కోలుకున్నాక, ఆయన చదువుకోలేదు కాబట్టి, ఈ రాతప్రతిని తెలుగులో పూర్తిగా చదివి వినిపించాం. ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఊరివాళ్లు పోల్చుకునే అవకాశం ఉందని, వద్దంటే వైద్యంలో తేడా రాదని చెప్పాం. సాక్షి ఎదుట వేలిముద్ర వేశారు. పేరు, ఊరు, నెల, కచ్చితమైన వయసు ఇవ్వలేదు. ఆయన కోరికపై పంట వివరమూ తీసేశాం. రెప్పలు వాలిన ఫొటోలో నుదుటి పచ్చబొట్టు పడినందున దాన్ని జతచేయలేదు.