బూరెబుగ్గల కుందేలుకి టీకా

ఇటు తిరుగు బంగారం, కాళ్ళు దుప్పట్లో పెట్టు, ఆ అలా. ఊ కొట్టాలి మరి, ఊ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోద్ది.

అనగనగా నల్లమల అడవిలో ఒక బుజ్జి కుందేలు ఉండేదంట, దానికి ఇంతింత లావు బుగ్గలు, అందుకని అందరూ దాన్ని బూరీ బూరీ అని పిలిచేవాళ్ళు. బూరిగాడికి చెవులు మాత్రం ఇంత పొడుగు. నీ చెవులేవి? ఆ ఇవి కాదు, వీటికంటే చాలా చాలా పొడుగు. ఆ చెవులతో ఒక తమాషా ఉంది, బూరిగాడికి భయమేస్తే చాలు రెండు చెవులూ డుబుక్కున కింద పడిపోయేవి, భయం పోతే టింగ్‌మని మళ్ళీ లేచి నిలబడేవి.

ఒకరోజు పొద్దున్నే వాళ్ళమ్మ బూరిగాడికి మొహం కడిగి, కొత్త చొక్కా తొడిగి, గూట్లోంచి టీకాల కార్డు తీసి సంచిలో పెట్టుకుంది. బూరి అడిగాడు, "ఎక్కడికమ్మా, సంతకా?" అని. "కాదు నాన్నా, ఇవాళ బుధవారం కదా, మర్రిచెట్టు కింద డాక్టరమ్మ దగ్గరికి, నీకు టీకా వేయించాలి" అంది. టీకా అంటే ఏంటో బూరిగాడికి తెలుసు, సూది! ఇంకేముంది, చెవులు డుబుక్!

"నొప్పి పుడుతుందా అమ్మా?"

వాళ్ళమ్మ అబద్ధం చెప్పలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "పుడుతుంది నాన్నా, కొంచెం చుర్రుమంటుంది, నువ్వు ఉఫ్ ఉఫ్ ఉఫ్ అని మూడుసార్లు ఊదేలోపు సూది బయటికొచ్చేస్తుంది, నేను నిన్ను ఒళ్ళోనే పెట్టుకుంటా, వదలను" అంది. ఏదీ నువ్వు ఊదు. ఉఫ్. ఇంకోటి. ఉఫ్. నా మొహం మీద కాదు తల్లీ, అటు.

"మరి ఎందుకమ్మా సూది, నాకు జ్వరం లేదుగా?" అన్నాడు బూరి. మంచి ప్రశ్నే కదా. అప్పుడు వాళ్ళమ్మ ఏం చెప్పిందంటే, "నీ ఒంట్లో బుల్లి బుల్లి వాచ్‌మెన్లు ఉంటారు, వాళ్ళకి కోరింత దగ్గు అనే దొంగ మొహం ఎలా ఉంటుందో సరిగ్గా తెలీదు, ఆ దొంగ వస్తే పిల్లలు ఖళ్ ఖళ్ ఖళ్‌మని రాత్రంతా దగ్గుతానే ఉంటారు. టీకా లోపలికెళ్ళి వాచ్‌మెన్లకి ఆ దొంగ ఫోటో చూపిస్తుంది. ఆనక వాడు గుమ్మంలోకి వచ్చాడనుకో, పట్టుకుని తరిమేస్తారు." బూరిగాడు పొట్ట వైపు వంగి చూసుకున్నాడు, చొక్కా ఎత్తి మరీ చూశాడు. ఒక్క వాచ్‌మెన్ కూడా కనపళ్ళేదు.

సరే ఇద్దరూ బయల్దేరారు. వాగు దాటారు, వెదురుపొద దాటారు, ఉసిరిచెట్టు కింద ఒక కాయ ఏరుకుని కొరికితే అబ్బా పులుపు! మర్రిచెట్టు దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఎంతమంది ఉన్నారో. నెమలి వాళ్ళ పిల్లలు, దుప్పి వాళ్ళ పాప, కొండముచ్చు పిల్లోడు. తాబేలు తాతగారు పెద్ద పుస్తకంలో పేర్లు రాస్తున్నారు, మెల్...లగా రాస్తున్నారు, బూ అని రాసి కాసేపు ఆగి కళ్ళజోడు తుడుచుకుని అప్పుడు రి రాశారు.

ఇంతలో లోపల్నించి కొండముచ్చు పిల్లోడు "వాఆఆఆ!" అని ఒకటే ఏడుపు. బూరిగాడి చెవులు? చెప్పు చెప్పు. డుబుక్! వాడు వెళ్ళి వాళ్ళమ్మ కొంగు వెనక దాక్కున్నాడు, తోక మాత్రం బయటే ఉండిపోయింది. కొండముచ్చు పిల్లోడు కళ్ళు తుడుచుకుంటా బయటికొచ్చి, "అయిపోయింది, ఇప్పుడు లేదు నొప్పి" అని చెప్పి, ఏమీ జరగనట్టు ఊడ పట్టుకుని ఊగడం మొదలుపెట్టాడు. బూరి ఒక కన్ను బయటపెట్టి చూశాడు. ఒక చెవి కొంచెం లేచింది. ఒకటే, రెండోది ఇంకా ఆలోచిస్తా ఉంది.

"బూరీ రావాలి" అని పిలిచారు.

లోపల ఎలుగుబంటి డాక్టరమ్మ, ఇంత పెద్దది, నల్లగా బొచ్చుబొచ్చుగా, కళ్ళజోడు పెట్టుకుని. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ గొంతు భలే మెత్తగా ఉంటుంది. "ఏం బూరిబాబూ, నాలిక చూపించు, ఆఆ అను" అంది. ఆఆ. నువ్వు కూడా అన్నావా, సరే. ఛాతీ మీద చల్లటి గొట్టం పెట్టి లబ్‌డబ్ విని, "గుండె బాగా కొట్టుకుంటోంది, ఫస్ట్‌క్లాస్" అంది. తర్వాత ఉడత సిస్టరమ్మ ఐస్ డబ్బా మూత తీసింది, లోపల్నించి చల్లటి పొగ వచ్చింది, చిన్న సీసా తీసి పుటుక్కున సూదిలోకి మందెక్కించింది.

"నేను చూడను" అన్నాడు బూరి.

"చూడొద్దులే, మీ అమ్మ మొహం చూడు" అంది సిస్టరమ్మ.

"కాదు, నేను చూస్తా."

"సరే చూడు."

"వద్దు చూడను."

రెండుసార్లు మాట మార్చాడు, సిస్టరమ్మ విసుక్కోలేదు. వాళ్ళమ్మ ఒళ్ళో గట్టిగా కూర్చుని, ఒక చేత్తో అమ్మ వేలు పట్టుకుని, కిందపడ్డ చెవుల్ని తనే రెండో చేత్తో పైకి ఎత్తుకుని, "ఇంక వెయ్యండి" అన్నాడు. చూశావా, భయం పోలేదు ఇంకా, అయినా అన్నాడు. సిస్టరమ్మ తొడ మీద దూదితో తుడిచింది. ఇప్పుడు మనం కూడా, ఉఫ్... ఉఫ్... చుర్ర్! "అమ్మా!" అన్నాడు, కళ్ళలోంచి బొటబొటా రెండు కన్నీళ్ళు కారాయి... ఉఫ్! అయిపోయింది. సూది వచ్చేసింది.

ఏడ్చాడా? ఆ, కొంచెం ఏడ్చాడు. డాక్టరమ్మ ఏమీ అనలేదు, "నొప్పి పుడితే ఏడుపొస్తుంది నాన్నా, నాకు చిన్నప్పుడు వేస్తే నా అరుపుకి కొమ్మ మీద పిట్టలన్నీ ఎగిరిపోయాయి" అంది. బూరిగాడికి కన్నీళ్ళతోనే నవ్వొచ్చింది. చెవులు టింగ్! టింగ్! రెండూ!

కానీ వెంటనే ఇంటికి పంపలేదు, ఓ అరగంట చెట్టు కింద కూర్చోమన్నారు, అందరినీ అలాగే కూర్చోబెడతారు, పిల్లలు బాగున్నారో లేదో చూడ్డానికి. బూరీ కొండముచ్చు పిల్లోడూ కలిసి ఊడలు పట్టుకుని ఊగారు. ఇంటికెళ్ళాక సాయంత్రం బూరిగాడి ఒళ్ళు కొంచెం వెచ్చబడింది, వాళ్ళమ్మ డాక్టరమ్మ చెప్పినంతే సిరప్ పట్టి, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. సూది వేసిన చోట మాత్రం ఎవర్నీ రుద్దనివ్వలేదు. నాన్న కుందేలు వచ్చి "ఏంటిరా ఇవాళ సంగతి" అంటే, బూరిగాడు దుప్పట్లోంచి కాలు బయటికి తీసి మరీ చూపించాడు, "ఇదిగో నాన్నా ఇక్కడ, వాచ్‌మెన్లకి ఫోటో చూపించారు, ఇంక ఆ దొంగ రాడు" అని.

ఆ, అయిపోయింది కథ. ఏంటీ? డాక్టరమ్మ పెద్దయ్యాక ఆవిడకి సూది ఎవరేస్తారా? ఉడత సిస్టరమ్మే, స్టూలెక్కి వేస్తుంది. నవ్వింది చాలు, కళ్ళు మూసుకో, రేపు మనక్కూడా బుధవారమే. ఏదీ, పడుకునే ముందు ఇంకొక్కసారి ఊదు... ఉఫ్.