ఆగు, అక్కడ మళ్లీ చదువు

వేదికపై ఉన్న పెద్దలకు, న్యాయనిర్ణేతలకు, గురువులకు, తోటి విద్యార్థులకు నమస్కారం. జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా జరుగుతున్న ఈ మండల స్థాయి వక్తృత్వ పోటీలో నేను పోటీదారు సంఖ్య 7. తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మనకిచ్చిన అంశం, ‘చేతిలో ఫోను ఉండగా పుస్తక పఠనం ఇంకా అవసరమా?’

అవసరమే. ఎందుకు అవసరమో నాకు మా నాన్నమ్మ దగ్గర తెలిసింది. అందుకే ఆవిడతోనే మొదలుపెడతాను.

మొన్న ఆగస్టులో నాన్నమ్మ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు కంటికి శ్రమ ఇవ్వవద్దని డాక్టరు చెప్పారు. నాన్నమ్మ చదివింది అయిదో తరగతే. కానీ రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక వీధి అరుగు మీద కూర్చుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవందే ఆవిడకు పొద్దు గడవదు. ఇక ఆ పని నా మీద పడింది. బడి నుంచి రాగానే పేపరు చదివి వినిపించేదాన్ని. పేపరు అయిపోయాక కూడా ఆవిడకు తనివి తీరేది కాదు. అందుకని మా ఊరి శాఖా గ్రంథాలయంలో చేరి పుస్తకాలు తేవడం మొదలుపెట్టాను.

ఒక సాయంత్రం తెచ్చిన పుస్తకంలో దివిసీమ ఉప్పెన గురించి ఒక అధ్యాయం ఉంది. 1977 నవంబరు 19. మన తీరాన్ని ముంచేసి వేల మందిని పొట్టన పెట్టుకున్న రోజు. నేను చదువుకుంటూ పోతున్నాను. గాలి చప్పుడు రైలు మీదికి వస్తున్నట్టుగా ఉందన్న వాక్యం దగ్గర నాన్నమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

“ఆగు తల్లీ. అక్కడ మళ్లీ చదువు.”

మళ్లీ చదివాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆ రోజుకు ఆవిడకు పద్నాలుగేళ్లు, అంటే ఇప్పటి నా వయసు. పుట్టిల్లు నిజాంపట్నం వైపు ఒక పల్లె. గాలికి ఇంటి కప్పు లేచిపోతుంటే వాళ్లమ్మ తన చీర చించి ముగ్గురు పిల్లల నడుములకూ కలిపి ముడి వేసిందట. “పోతే అందరం పోదాం, ఉంటే అందరం ఉందాం” అన్నదట. తెల్లవారాక ఆ ముడి తడికి బిగుసుకుపోయి ఎంతకూ రాలేదట. కొడవలితో కోశారట.

మా నాన్నకు కూడా ఈ సంగతి తెలియదు. అడిగితే ఆశ్చర్యపోయారు.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. అంతకు ఏడాది ముందు అదే ఉప్పెన గురించిన వీడియోను నేనూ నాన్నమ్మా కలిసి ఫోనులో చూశాం. రెండు నిమిషాల వీడియో. బాగానే తీశారు. కూలిన ఇళ్లు ఉన్నాయి, గుండె పిండే సంగీతం ఉంది. అది అయిపోయిన మరుక్షణం నేను వేలు కూడా కదపకుండానే గుత్తివంకాయ కూర ఎలా వండాలో చెప్పే వీడియో వచ్చేసింది. నాన్నమ్మ అది కూడా చూసింది. ఆ రోజు ఆవిడ నోట ఒక్క మాట రాలేదు. ఆ నడుము ముడి అప్పుడూ ఆవిడ మనసులోనే ఉంది. అయితే దాన్ని బయటికి తీసేంత జాగా ఆ రెండు వీడియోల మధ్య లేదు.

నేను చెప్పదలచుకున్నది ఆ జాగా గురించే. పుస్తకం మనం ఆగితే ఆగుతుంది. పేజీ మధ్యలో వేలు పెట్టి మూసి కళ్లు మూసుకున్నా ఆ వాక్యం అక్కడే మన కోసం కూర్చుని ఉంటుంది. ఫోనులో వచ్చే చిన్న వీడియోలను తయారు చేసిన పద్ధతే వేరు. అక్కడ మనం ఆగకూడదు. ఆగితే వాళ్లకు నష్టం. అందుకే ఒకటి ముగియకముందే ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది.

ఫోను మీద నాకు కోపం లేదు. కరోనా రోజుల్లో బడులు మూసేస్తే నాకు పాఠాలు అందింది మా నాన్న ఫోనులోనే. ఊళ్లో దొరకని పుస్తకాన్ని ఫోనులో తెరిచి చదివితే అది కూడా చదవడమే. కాగితమా, తెరా అన్నది నా తగాదా కాదు. ఒక విషయం దగ్గర నిలబడగలుగుతున్నామా, లేక వేలితో నెట్టుకుంటూ పోతున్నామా? నన్ను కలవరపెడుతున్నది ఈ ప్రశ్న.

నేను నిలబడగలుగుతున్నానా అని నాకే అనుమానం వచ్చి పరీక్షించుకున్నాను. ఒక ఆదివారం ఫోను పక్కనే పెట్టుకుని నలభై నిమిషాలు కథల పుస్తకం చదివాను. ఫోను తీసి చూడాలని చెయ్యి వెళ్లిన ప్రతిసారీ, పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న అట్టముక్క మీద పెన్సిలుతో ఒక గీత గీశాను. పదకొండు గీతలు వచ్చాయి. ఎవరూ ఫోను చేయలేదు, ఏ సందేశమూ రాలేదు. అయినా పదకొండుసార్లు చెయ్యి దానంతట అదే వెళ్లింది. తర్వాతి ఆదివారం ఎనిమిది. నాలుగో ఆదివారం మూడు. అట్టముక్క ఇదిగో, నా దగ్గరే ఉంది. కుడివైపు చివరన ఉన్న ఈ మూడు గీతలు చూస్తే నాకు బహుమతి వచ్చినంత సంతోషం. చదవడం ఈత లాంటిది, చేస్తూ ఉంటేనే ఒంటికి పడుతుంది. మానేస్తే దమ్ము తగ్గిపోతుంది.

దమ్ము తగ్గితే నష్టం ఏమిటని అడగవచ్చు. కథలు చదవకపోతే కొంపలేమీ మునగవని మా బంధువు ఒకాయన అన్నారు కూడా. మునుగుతాయి. ఈ వేసవిలో మా ఇల్లు మునగబోయింది. నాన్న ఫోనుకు ఒక సందేశం వచ్చింది. గత నెల కరెంటు బిల్లు కట్టనందున ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ ఇంటి కరెంటు తీసేస్తాం, వెంటనే ఈ అధికారికి ఫోను చేయండి అని దాని సారాంశం. నాన్న కంగారుగా ఆ నంబరు నొక్కబోతుంటే నేను ఫోను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా మెల్లగా చదివాను. మన సర్వీసు నంబరు ఎక్కడా లేదు. ఇంటి యజమాని పేరు లేదు. ఎంత బాకీయో లేదు. ఫోను చేయమన్నది ఒక మామూలు సెల్ నంబరుకు. బిల్లు కట్టిన రశీదు డ్రాయరులో ఉంది. ఇలాంటి సందేశాలను నమ్మి ఎంతోమంది బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసుకున్నారని తర్వాత పేపరులో చదివాం. పైపైన చూసేవాడికి అందులో ‘ఈ రాత్రి’ అన్న మాటే కనపడుతుంది. చదివేవాడికి లేనివి కూడా కనపడతాయి.

ఇప్పుడు కొంచెం వెనక్కి, మన పక్క ఊరికి వెళదాం. కొల్లూరు ఎంత దూరమో ఇక్కడున్న అందరికీ తెలుసు. 1935లో పాతూరి నాగభూషణం గారు అక్కడ పడవ గ్రంథాలయం నడిపారు. ఈ సంగతి నాకు మొన్నటిదాకా తెలియదు. మా గ్రంథాలయాధికారి గారు చెబితే నమ్మలేకపోయాను. అప్పట్లో కాలువే మనకు రోడ్డు. పడవ మనుషులు తాడు పట్టుకుని గట్టు వెంట నడుస్తుంటే పడవ మెల్లగా కదిలేది. ఆ పడవలోకి పుస్తకాలు ఎక్కించారు. ప్రయాణం చేసేవాళ్లు దారి పొడవునా చదువుకునేవారు. కాలువ గట్టు ఊళ్లకు పుస్తకాలు చేరేవి. గట్టు మీద నిలబడి పుస్తకాల పడవ కోసం ఎదురుచూసిన పిల్ల ఒకతె ఉండే ఉంటుందని నేను ఊహించుకుంటాను. కాలువ నీళ్లలో పడవ ముక్కు కనపడగానే ఆ పిల్ల ఎంత గట్టిగా కేక వేసి ఉంటుందో!

ఆ పడవ ఊరికే రాలేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగులో చదువుకోవడమే గగనమైన రోజులవి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. స్వాతంత్ర్యం కోసం ఊరూరా తిరుగుతున్న మనిషి, ఒక చిన్న ఊళ్లో గ్రంథాలయం కోసం ఆగారు. చదవడం తీరిక ఉన్నవాళ్ల కాలక్షేపం అనుకుని ఉంటే ఆగేవారా?

ఇంకొక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మన డబ్బు సంగతి. ఇంటికి వెళ్లాక మీ ఇంటి పన్ను రశీదు ఒకసారి తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. ఇంటి పన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున మన పెద్దవాళ్లు ఏటేటా కడుతూనే ఉన్నారు. పుస్తకాలకు డబ్బు కట్టేసి, అవి తెచ్చుకోకుండా ఊరుకుంటున్నాం. మా ఊరి గ్రంథాలయంలో సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పేపర్లు చదివే తాతయ్యలు అయిదారుగురు ఉంటారు. బడి పిల్లలం ఇద్దరమే. నేనూ, ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడూ. పిల్లల కథల అరలో కొన్ని పుస్తకాల వెనుక అతికించిన తేదీల కాగితం మీద ఒక్క ముద్ర కూడా లేదు. వాటిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అచ్చయి, కట్లు కట్టుకుని, లారీ ఎక్కి మా ఊరు దాకా వచ్చి ఎవరి చేతా తెరిపించుకోని పుస్తకాలు అవి.

కాబట్టి మా క్లాసులో ఒక పని మొదలుపెట్టాం. ప్రతి శనివారం చివరి పీరియడులో ఒకరు ఒక కథ గట్టిగా చదువుతారు. మధ్యలో ఎవరైనా చెయ్యి ఎత్తి “ఆగు, అక్కడ మళ్లీ చదువు” అనవచ్చు. అన్నవాళ్లు ఎందుకు ఆపారో చెప్పాలి. మొదటి వారం ఎవరూ ఆపలేదు. పోయిన శనివారం ఊరి చివరి పాడుబడ్డ బావి గురించి రెండు వాక్యాలు వచ్చాయి. ఒకరు ఆపారు. ఆ బావి ఎలా ఉంటుందని మాట వచ్చింది. ఒకరి బావికి మెట్లున్నాయి, ఒకరి బావికి గిలక ఉంది, ఇంకొకరి బావిలో రావి మొక్క మొలిచింది. ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయి లేచి, తన బావి నిజంగా ఉందని, వాళ్ల తాత తవ్విందని, ఇప్పుడు దాన్ని పూడ్చేశారని చెప్పాడు. కథ ఆ రోజు పూర్తికాలేదు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

న్యాయనిర్ణేతలారా, నా సమయం అయిపోవచ్చింది. నాన్నమ్మ కన్ను ఇప్పుడు బాగుంది, కొత్త కళ్లద్దాలు కూడా వచ్చాయి. ఆవిడే చదువుకోగలదు. అయినా నిన్న రాత్రి పుస్తకం నా చేతికిచ్చి, “నువ్వే చదువు, నేను వింటాను” అంది. నలభై రెండో పేజీ దగ్గర నిద్రపోయింది. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి అక్కడి నుంచి అందుకోవాలి.

ఓపికగా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. సెలవు.