ఇద్దరికీ ఒకటే స్లాట్

"లింగన్నా, లైసెన్స్ నంబరు చెప్పు" అన్నాడు ఇన్సూరెన్స్ ఏజెంటు, ఎక్సెల్ బండి కాగితాలు ముందర పెట్టుకొని.

లింగయ్యకు లైసెన్స్ లేదు. తిప్పర్తి మండలంలో ఆయన ఊరి నుంచి నల్లగొండ మార్కెట్ దాకా ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాడు. బత్తాయి గంపలు, యూరియా బస్తాలు, పెళ్లాం, పిల్ల అందరూ దాని మీద తిరిగినవాళ్లే. ఇప్పుడాయనకు నలభై ఆరు.

"లేకుంటే ఏమైతది?"

"ఎదుటోనికి దెబ్బ తగిలితే ఇచ్చే ఇన్సూరెన్స్ ఎట్లనో కట్టుకుంటవ్. బండి ఓనర్‌కు 15 లక్షల కవర్ ఉంటది సూడు, అది మాత్రం లైసెన్స్ ఉన్నోనికే. రేపు నీకేమన్నా అయితే వదినెకు పైస రాదు."

ఆ ఆఖరి ముక్క ఇంట్లో చెప్పకుండా దాద్దామనుకున్నాడు గానీ, కాగితం శ్రావణి చదివింది. డిగ్రీ మొదటి సంవత్సరం. మొన్ననే పద్దెనిమిది నిండాయి. కాలేజీకి స్కూటీ కావాలని, దానికి ముందు ఎల్‌ఎల్‌ఆర్ కావాలని నెల రోజులుగా పోరుతోంది.

"నాదానితోని నీది గూడ పెడత నాయినా. ఒక్కటే రోజు పోయొద్దాం."

ఫోన్లో రవాణా శాఖ సైటు తెరిచి ఇద్దరికీ పక్కపక్కనే స్లాట్లు పట్టింది. ఆధార్, ఆమెకు వయసు రుజువుగా పదో తరగతి మెమో. ఆరోగ్యం సంగతి వచ్చేసరికి దారులు వేరయ్యాయి. ఆమె ఫారం 1 మీద తనకు తానే సంతకం పెట్టుకుంటే చాలు. నలభై దాటినవాళ్లకు ఫారం 1ఎ, దాని మీద డాక్టరు సంతకం.

"నా మాట మీద సర్కారుకు నమ్మకం లేదా?" అన్నాడు లింగయ్య.

"నీ కండ్ల మీద లేదు" అంది.

డాక్టరు దగ్గరికి తర్వాత పోదాంలే అని ఆ పని వెనక్కి నెట్టాడు. వారం దాటాక గానీ దాని ఖరీదు తెలియలేదు.

పరీక్షలో ఇరవై ప్రశ్నలు, పన్నెండు సరిగ్గా పెడితే పాస్. శ్రావణి ప్రశ్నల పుస్తకం జిరాక్స్ తెచ్చి రోజూ అన్నం తిన్నాక ఇరవై ఏరి తండ్రికి ఇచ్చేది. తనూ పక్కన కూచొని అవే రాసేది. ఆమెకు పద్దెనిమిది, పంతొమ్మిది వస్తుంటే లింగయ్యకు ఎనిమిది దాటేవి కావు.

తప్పుల్లో ఎక్కువ భాగం హారన్ దగ్గరే. జీబ్రా గీతల ముందు జనం దాటడానికి నిలబడితే ఏం చేయాలి? హారన్ కొట్టి పోవాలని టిక్కు పెట్టాడు. ముందు బండి దారి ఇవ్వకపోతే? హారన్. తెల్లకర్ర పట్టుకున్న అంధుడు రోడ్డు దాటుతుంటే? దానికీ హారనే.

"తెల్లకర్ర కనబడితే ఆగుమని బోర్డు పెట్టినట్టే లెక్క. బండి ఆపాలె" అంది శ్రావణి.

"ఆపుడు సరే. హారన్ కొట్టకుంటే బండి వచ్చిందని ఆయనకెట్ల తెలుస్తది?"

గిన్నెలు తోముతున్న యాదమ్మ అందుకుంది. "కొడితే బండి వచ్చిందని తెలుస్తది. ఏ దిక్కుకు జరగాల్నో తెలుస్తదా? నడిరోడ్డు మీద బెదిరిపోతడు."

లింగయ్య పెన్సిలు చెవి వెనక పెట్టుకొని కాసేపు ఊరుకున్నాడు. ఆ తర్వాత హారన్ ప్రశ్న ఎప్పుడొచ్చినా, ఎదుటి మనిషి అది విని ఏం చేయగలడు అని ఒకసారి ఆలోచించి పెట్టడం మొదలుపెట్టాడు. మార్కులు పదికి చేరాయి. అక్కడ ఆగిపోయాయి.

బోర్డుల్లో మాత్రం ఆయనకు తిరుగులేదు. ఎర్ర అంచు గుండ్రటిది ఆజ్ఞ, త్రికోణం హెచ్చరిక, నీలం పలక సమాచారం అని శ్రావణి బట్టీ పడుతుంటే, ఆయన ఆకారం చూసే చెప్పేవాడు. "ఆగు బోర్డుకు ఎనిమిది మూలలు, దారి ఇయ్యి బోర్డు తలకిందుల త్రికోణం. ఇంకే బోర్డు గట్లుండదు. దుమ్ము కొట్టుకపోయి అక్షరాలు కనబడకపోయినా తెలుస్తది." పుస్తకంలో ఆ మాట లేదు. శ్రావణి అంచున రాసుకుంది.

బొమ్మలు తప్పడు, అక్షరాల ప్రశ్నలే తప్పుతాడు. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు. మొండితనం అనుకుంది. ఒకరాత్రి ఒకే జవాబు మీద ఇద్దరూ గట్టిగానే పోట్లాడుకున్నారు. ప్రశ్న: "వన్ వే రోడ్డులో ఏది చేయకూడదు?" ఆయన "వన్ వేలో ముందుకు వెళ్లడం" అన్న దానికి టిక్కు పెట్టాడు.

"చేయకూడదు అని అడిగిండ్రు నాయినా! రివర్సుల పోకూడదు, అది జవాబు."

"చేయవచ్చు అనే ఉన్నది గదా." కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం జరిపి, దీపం వైపు తిప్పి చూశాడు. "ఓ. ఉన్నది."

తెల్లారి నల్లగొండలో డాక్టరు దగ్గరికి పోయారు. ఎండలో 25 మీటర్ల దూరంలో నిలిపిన కారు నంబరు ప్లేటు రెండు కళ్లతో విడివిడిగా చదివాడు, ఎరుపు, ఆకుపచ్చ తేడా చెప్పాడు. ఫారం మీద సంతకం పెడుతూ డాక్టరు, "దూరపుచూపు మంచిగుంది. దగ్గరిదే తగ్గింది. నలభై దాటినంక అందరికీ వచ్చేదే, బండి నడపనీకి అడ్డం కాదు. చదువుకోనీకి ఒకటిన్నర పాయింటు అద్దాలు తీసుకో" అన్నాడు. గడియారం సెంటర్ దగ్గర కొన్న అద్దాలు పెట్టుకొని ఆ సాయంత్రం రాస్తే పద్నాలుగు వచ్చాయి. "కూడదు", "కాదు", "లేనప్పుడు" ఇవన్నీ వాక్యం చివర నక్కి ఉంటాయి. ఇన్ని రోజులూ ఆయన వాక్యంలో సగమే చదివి మిగతాది ఊహించుకున్నాడు.

ఇక శ్రావణికి ఒకచోట గొళ్లెం పడింది. "కూడలిలో ఎవరికి దారి ఇవ్వాలి" అంటే కుడివైపు నుంచి వచ్చే బండికి అని పెట్టేది. కొన్నిసార్లు అది ఒప్పు, కొన్నిసార్లు తప్పు అవుతోంది. రెండు ప్రశ్నలకూ తేడా ఆమెకు కనబడటం లేదు.

"దా, సూపిస్త" అని లింగయ్య పొద్దున్నే ఊరి రోడ్డు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డును కలిసే చోటికి నడిపించుకుపోయాడు. మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లారీలు వరుసగా పోతున్నాయి.

"మనది చిన్నరోడ్డు. అది పెద్దరోడ్డు. ఆ లారీ నిండ వడ్లున్నయి, బ్రేకు తొక్కినా ఇక్కడ ఆగదు, ఎక్కడికో పోయి ఆగుతది. మనం ఆగుడు సులువు. అందుకే పెద్దరోడ్డు మీదోనికి ముందు. కుడి ఎడమ లెక్క ఇక్కడ లేదు."

"మరి కుడిదిక్కోనికి దారి ఎప్పుడిస్తం?"

"రెండూ సమానమైన రోడ్లు, సిగ్నల్ లేదు, పోలీసు లేడు. అప్పుడు. గుండ్రంగ తిరిగే సర్కిల్ల గూడ అంతే, లోపట తిరిగేటోడు మనకు కుడిదిక్కే ఉంటడు."

ఆమె తల ఊపింది. అప్పుడే పక్క ఊరి మనిషి బైకు మీద పెద్దరోడ్డెక్కి, డివైడర్ దాటి అవతలికి పోవడానికి యూటర్న్ దాకా ఎందుకు పోవాలని, లారీలకు ఎదురుగా అంచు పట్టుకొని వెళ్లిపోయాడు. లింగయ్య అటు చూడలేదు. మార్కెట్ రోజుల్లో ఆయన పోయే దారీ అదే.

"నాయినా, రాంగ్ రూట్ ప్రశ్నకు నీకు రోజూ మార్కు పడ్తది సూడు."

"పుస్తకంల పెడత" అన్నాడు. కాసేపాగి, "యూటర్న్ కాడికి ఎంత దూరముంటదో ఇయ్యాల సూడాలె" అన్నాడు.

చేతి సైగలు మాత్రం ఇద్దరికీ చిక్కే. ఎడమకు తిరగాలంటే కుడిచెయ్యి చాచి గడియారం ముల్లుకు ఎదురుదిక్కున తిప్పాలి. కుడిచేత్తో యాక్సిలేటర్ వదిలితే బండి నెమ్మదిస్తుంది. తిరిగేటప్పుడు ఒంటిచేత్తో ఉంటే హ్యాండిల్ వణుకుతుంది. వాకిట్లో బండి స్టాండు వేసి లింగయ్య చేసి చూపించాడు: ముందు వేగం తగ్గించు, తర్వాత సైగ, మళ్లీ చెయ్యి హ్యాండిల్ మీదికి, ఆ తర్వాతే మలుపు. కాపలా లేని రైల్వే గేటు ప్రశ్న దగ్గర, "మన లైన్ల గట్లాంటి గేట్లే లేవు గదా, తీసేసిండ్రు" అని గొణిగాడు గానీ, బండి ఎడమపక్క ఆపి, దిగి, పట్టాల దాకా నడిచి రెండువైపులా చూడాలి అన్నదానికే టిక్కు పెట్టాడు.

స్లాటు రోజు ఎక్సెల్ మీద ఇద్దరూ తిప్పర్తి దాకా వచ్చారు. బండి తెలిసినవాళ్ల కిరాణా దుకాణం ముందర పెట్టి నల్లగొండ బస్సెక్కారు. కౌంటర్లో కాగితాలు చూసి ఫొటో, సంతకం తీసుకున్నారు. కంప్యూటర్ల గదిలో వరుసగా కూచోబెట్టారు. భాష అడిగితే లింగయ్య తెలుగు నొక్కాడు. మౌస్ పట్టడం శ్రావణి ముందే నేర్పింది గానీ, రెండుసార్లు టకటక నొక్కే అలవాటు పోలేదు. మొదటి ప్రశ్న చదవకముందే దాటిపోయింది. పక్కకు చూడబోయి మానుకున్నాడు. అద్దాలు సర్దుకొని రెండో ప్రశ్న చివరి మాట నుంచి చదవడం మొదలుపెట్టాడు.

ఆయనకు పద్నాలుగు. ఆమెకు పదిహేడు.

"పెద్దరోడ్డు ప్రశ్న వచ్చింది" అంది బయటికొచ్చాక. "నీకేమొచ్చింది?"

"తెల్లకర్ర."

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు నిండాక బండి నడిపే పరీక్షకు స్లాటు పట్టుకోవచ్చు. తిప్పర్తిలో బస్సు దిగగానే శ్రావణి సంచిలోంచి రెండు తెల్ల అట్టలు తీసింది. నలుపక్కలా 18 సెంటీమీటర్లు, మధ్యలో ఎర్రరంగుతో 10 సెంటీమీటర్ల ఎత్తు ఎల్. స్కేలు పెట్టి గీసినవే. ముందొకటి, వెనకొకటి కట్టాడు. బండి స్టార్ట్ చేసి, "ఎక్కు" అన్నాడు.

"ఎక్కద్దు నాయినా. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నోడు వెనక ఎవర్నీ ఎక్కించుకోవద్దు. లైసెన్స్ ఉన్నోడు నేర్పనీకి కూసుంటే తప్ప. నీకు రెండుసార్లు వచ్చిన ప్రశ్న."

"పొద్దుగాల ఏమీ లేకుంటనే ఎక్కించుకొచ్చిన గదనే!"

"పొద్దుగాల అసలు బండే నడపొద్దు."

దుకాణం మనిషి నవ్వాడు. ఆమె ఆటో ఎక్కింది. ఆయన వెనకాలే, డివైడర్ తెరిచి ఉన్న యూటర్న్ దాకా పోయి తిరిగి, ఆటో కంటే ఆలస్యంగా ఇల్లు చేరాడు.

యాదమ్మ కొడవలి, సద్ది డబ్బా పట్టుకొని గడపలో నిలబడి ఉంది. "పాసైండ్రంట గదా. ఇగ పా, నన్ను తోట కాడ దింపు."

తండ్రీ కూతుళ్లు ముఖాలు చూసుకున్నారు.

"అమ్మా," అంది శ్రావణి, "నెల రోజులు నడువు."

"లైసెన్స్ లేనప్పుడే నయముండె" అంటూ యాదమ్మ చెప్పులు తొడుక్కుంది.