చైనీస్–తెలుగు అనాటమీ పదాలు, రెండో వారం

అంకెలు స్వరానికి: 1 సమంగా, 2 పైకి, 3 దిగి లేచేది, 4 గట్టిగా కిందికి.

షిన్1 జాంగ్4: గుండె

గాన్1: కాలేయం

ఫెయ్4: ఊపిరితిత్తి

ఫెయ్2 గూ3: ఫిబ్యులా, పిక్క పక్కనుండే సన్నటి ఎముక. స్వరం సరిగా వినక నిన్న సగం పేజీ ఊపిరితిత్తి అని రాసుకున్నాను!

గూ3 గూ3: తొడ ఎముక. అక్షరాలు వేరు: మొదటిది తొడ, రెండోది ఎముక. పలికేటప్పుడు మొదటి గూ 2లా పైకి లేస్తుంది.

దోంగ్4 మాయ్4: ధమని. దోంగ్ అంటే కదలడం. వేలికి కొట్టుకుంటూ తగిలేది ఇదే.

జింగ్4 మాయ్4: సిర. జింగ్ అంటే నిశ్చలం. ఈ జంట ఎంత అందంగా ఉందో!

షెన్4: మూత్రపిండం

వెయ్4: జీర్ణాశయం. కాలేయం, ఊపిరితిత్తి, మూత్రపిండం అక్షరాల్లోలాగే ఇందులోనూ చంద్రుడిలా కనిపించే గుర్తుంది. నిజానికది మాంసం గుర్తు.