బుధవారం బి బ్లాక్‌కి నీళ్లు రావు, రైజర్ వాల్వ్ మారుస్తున్నాం

బి బ్లాక్ వాళ్లందరికీ నమస్కారం. నవంబర్ 18, బుధవారం ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా మన బ్లాక్‌లో 36 ఫ్లాట్లకీ నీళ్లు ఉండవు. బోరు నీళ్లు, మంజీరా నీళ్లు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి కాబట్టి వంటింటి నల్లా కూడా రాదు. ఎ బ్లాక్‌కి ఇబ్బంది లేదు.

సెల్లార్‌లో ప్రెషర్ పంపు నుంచి పైకెళ్లే రైజర్ పైపుకి ఉన్న రెండున్నర అంగుళాల గేట్ వాల్వ్ పాడైంది. పోయిన నెల మూడో అంతస్తులో పైపు జాయింటు ఊడినప్పుడు దాన్ని కట్టేయబోతే చక్రం తిరుగుతూనే ఉంది, లోపల గేటు మాత్రం దిగలేదు, చివరికి పంపు ఆపేలోపు నీళ్లన్నీ ఆ ఇంటి హాల్లోకే వచ్చాయి. మళ్లీ అలా కాకూడదనే ఈ పని. ఆదివారం పెట్టమని కొందరు అడిగారు, కానీ ఏదైనా ఫిట్టింగ్ కుదరకపోతే ఆ రోజు హార్డ్‌వేర్ షాపులు చాలావరకు మూసే ఉంటాయి.

బకెట్లు, బిందెలు మంగళవారం రాత్రే నింపుకోండి. బుధవారం 9 దాటాక అందరూ ఒకేసారి నల్లాలు తిప్పితే పైవాళ్లకి సన్నటి ధారే వస్తుంది. తాగడానికి, వంటకి వేరుగా పెట్టుకోండి, బాత్రూమ్‌కి కనీసం రెండు బకెట్లు ఉంచుకోండి. గీజర్, వాషింగ్ మెషిన్, ఆర్‌వో స్విచ్‌లు 10 లోపే ఆపేయండి, ఎందుకంటే గీజర్‌లో నీళ్లు తగ్గిపోయి స్విచ్ ఆన్‌లో ఉంటే కాయిల్ కాలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఇది. నల్లా తిప్పి, నీళ్లు రావట్లేదని అలాగే వదిలేసి ఆఫీసుకి వెళ్లకండి. సాయంత్రం నీళ్లు వదిలేసరికి ఇల్లంతా మునిగి కింది ఫ్లాట్ సీలింగ్ కూడా కారుతుంది. పనిమనిషికీ ఈ మాట చెప్పండి. ఊరెళ్లే వాళ్లు బాత్రూమ్ డక్ట్‌లో మీ ఫ్లాట్ వాల్వ్ కట్టేసి వెళ్లండి.

నీళ్లు వచ్చాక ముందు బాత్రూమ్‌లో కింది నల్లా కొద్దిగా తిప్పండి. గాలి బుసబుసమంటుంది, కాసేపు ఎర్రగా తుప్పు నీళ్లు వస్తాయి, ఆ బకెట్ ఫ్లష్‌కి వాడుకోండి. తేటగా వచ్చాకే వంటింటి నల్లా, ఆర్‌వో, గీజర్ ఆన్ చేయండి. ధార సన్నగా ఉంటే నల్లా మూతికున్న జాలీ విప్పి కడగండి, చెత్త అక్కడే ఆగుతుంది.

స్టిల్ట్‌లో లిఫ్ట్ పక్కన రెండు డ్రమ్ములు నింపి పెడుతున్నాం. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇళ్లవాళ్లు, బకెట్ మోయలేనివాళ్లు మొహమాటపడకుండా వాచ్‌మన్‌కి ఇంటర్‌కమ్‌లో చెప్పండి, పైకి తెచ్చిస్తాం. పని 4 దాటేలా ఉంటే 3 గంటలకే గ్రూపులో మెసేజ్ పెడతాను.

మేనేజర్, బి బ్లాక్