టీమ్ చాట్‌లో ఇక ఫొటోలు పెట్టొచ్చు: సోమవారం (9-6-2025) నుంచి

అందరికీ నమస్కారం.

మన మ్యాటర్‌మోస్ట్ చాట్‌లో సోమవారం ఉదయం 9 గంటల నుంచి ఫొటోలు అప్‌లోడ్ అవుతాయి. కంప్యూటర్‌లో పేపర్‌క్లిప్ గుర్తు నొక్కి ఫొటో ఎంచుకోండి, లేదా స్క్రీన్‌షాట్ తీసి మెసేజ్ రాసే చోట Ctrl+V కొట్టండి. ఫోన్ యాప్‌లోనైతే కెమెరా గుర్తు నొక్కి అక్కడికక్కడే తీసి పంపొచ్చు.

ఇన్నాళ్లూ సోలార్ సైట్ ఫొటోలన్నీ వాట్సాప్ గ్రూపులో పడుతున్నాయి. పండగ శుభాకాంక్షల మధ్య ఏ ఇంటి ఫొటో ఏదో వెతుక్కోవడం ఒక ఎత్తు, వాట్సాప్ ఫొటోని కుదించేయడం ఇంకో ఎత్తు. పోయిన నెల తెనాలి సైట్‌లో ఇన్వర్టర్ సీరియల్ నంబరు కోసం మనవాళ్లు మిట్టమధ్యాహ్నం రెండోసారి డాబా ఎక్కాల్సి వచ్చింది. మే నెల ఎండలో! మొదటిసారి తీసిన ఫొటో బాగానే ఉంది, మన చేతికొచ్చేసరికి 8 ఏదో 3 ఏదో తెలియకుండా పోయింది. చాట్‌లో ఒరిజినల్ ఫొటో ఉన్నదున్నట్టు ఉంటుంది. చిన్నగా కనిపించేది ప్రివ్యూ మాత్రమే, డౌన్‌లోడ్ చేసుకుంటే అసలుది వస్తుంది.

ఇక పరిమితులు. ఒక్కో ఫొటో 10 ఎంబీ దాటకూడదు, ఒక మెసేజ్‌కి 10 ఫొటోలు మించకూడదు. ఫోన్ కెమెరాను 50 మెగాపిక్సెల్ మోడ్‌లో పెట్టినవాళ్లు మామూలు మోడ్‌కి మార్చుకోండి. అంత పెద్ద ఫొటోలను సర్వర్ తీసుకోదు, మనకీ వాటితో పనిలేదు. ఐఫోన్ వాడేవాళ్లు Settings > Camera > Formats లో Most Compatible పెట్టుకోండి. లేకపోతే ఫొటో HEIC రకంలో వచ్చి, ఆఫీస్ కంప్యూటర్లలో చాలావాటిలో తెరుచుకోదు.

వీడియోలు పెట్టొద్దు. చిన్నవైతే ఎక్కుతాయి, నిజమే, అయినా పెట్టొద్దు. మన సర్వర్ అకౌంట్స్ గదిలో బీరువా పక్కనున్న ఆ చిన్న పెట్టే. అందులో ఖాళీ 400 జీబీ. 30 మందిమి రోజుకి తలా 20 ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ చొప్పున పెట్టామంటే రోజుకి 2.4 జీబీ. నెలకి 26 పనిదినాలు లెక్కేసినా ఆరున్నర నెలల్లో నిండిపోతుంది. అందుకే ఒకే మీటర్‌ని నాలుగుసార్లు తీసి నాలుగూ పెట్టకుండా, బాగా వచ్చినదొక్కటి పెట్టండి. సైట్ పని పూర్తయ్యాక కావలసిన ఫొటోలు కస్టమర్ ఫోల్డర్‌లోకి దించుకోవాలి. మూడు నెలలు దాటిన వాటిని నేను బయటి హార్డ్‌డిస్క్‌కి మార్చేస్తాను, తర్వాత చాట్‌లో కనిపించకపోతే కంగారు పడకండి.

ఫొటోతో పాటు ఊరు, కస్టమర్ సర్వీస్ నంబరు రాయండి. వట్టి ఫొటో పెడితే కొన్నాళ్ల తర్వాత ఎవరికీ దొరకదు. వెతికేటప్పుడు మాటల్నే వెతుకుతాం కదా.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను. కస్టమర్ల ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ ఫొటోలు చాట్‌లో పెట్టొద్దు. సబ్సిడీ దరఖాస్తు కోసం తీసుకున్న కాగితాలు నేరుగా డాక్యుమెంట్స్ డెస్క్‌కే వెళ్లాలి. కస్టమర్లు వాటిని మనల్ని నమ్మి ఇచ్చారు. కరెంటు బిల్లు పెట్టొచ్చు, కానీ అందులో ఫోన్ నంబరు ఉంటే కొట్టేసి పెట్టండి. ఇళ్ల ఫొటోల్లో ఇంటివాళ్ల మొహాలు, పిల్లలు రాకుండా చూసుకోండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ వివరం కూడా ఫొటోలో ఉంటుంది. సైట్ ఫొటోలకి అది పనికొస్తుంది, మీ ఇంటి దగ్గర తీసిన ఫొటో పెట్టేటప్పుడు మాత్రం గుర్తుంచుకోండి.

పొరపాటున ఏదైనా పెట్టేస్తే వెంటనే మెసేజ్ డిలీట్ చేసి, నాకూ చెప్పండి. డిలీట్ కొడితే మనకి కనిపించదు గానీ ఫైలు సర్వర్‌లో అలాగే ఉంటుంది, నేను విడిగా తీసేయాలి. ఎవరినీ ఏమీ అనను, చెప్పకపోతేనే ఇబ్బంది.

ఇది పోయిన వారమే మొదలవ్వాల్సింది. పరీక్షలో 1 ఎంబీ దాటిన ప్రతి ఫొటోకీ 413 అనే ఎర్రర్ వచ్చింది. సర్వర్ ముందుండే ఎన్‌జిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో మొదట్నుంచీ ఉన్న పరిమితి అది, దాన్ని పెంచడం నేనే మర్చిపోయాను. ఇప్పుడు సరిచేశాను. మళ్లీ ఆ నంబరు ఎవరికైనా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి... సరే, అది అప్‌లోడ్ కాకపోవచ్చు, ఇంటర్‌కమ్ 104కి ఫోన్ చేయండి.

సోమవారం నుంచి సైట్ ఫొటోలు వాట్సాప్‌లో వద్దు, కస్టమర్‌కి పంపేవి తప్ప. నందిగామ, గుడివాడ టీమ్‌లలో ఇంకా యాప్ వేసుకోనివాళ్లు ముగ్గురున్నారు. శనివారం ఆఫీసుకి వచ్చినప్పుడు ఫోన్ తెస్తే నేనే వేసిస్తాను.

– అడ్మిన్, విజయవాడ ఆఫీస్