షెడ్డు సరుకుల చెక్‌లిస్టు: 500 బ్రాయిలర్లు, 9వ రోజు ఉదయం లెక్క

దాణా గది తలుపు వెనక అతికించాను. డ్యూటీలో ఉన్నవాళ్లు పొద్దున మేత వేశాక ఒకసారి చూసి, పక్కన వేలాడే నోటుబుక్కులో టిక్కు పెట్టాలి. బస్తాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఉన్నవి ఎన్ని రోజులు వస్తాయన్నది చూడండి. మనం ఫోన్ చేసిన మూడో రోజుకి గానీ బండి రాదు.

దాణా (50 కిలోల బస్తాలు)

☐ ప్రీ స్టార్టర్: 12వ రోజు వరకు. 4 తెచ్చాం, రెండుకి కాస్త తక్కువ మిగిలింది. రోజుకు సుమారు అర బస్తా పోతోంది. ఇక కొనక్కర్లేదు.

☐ స్టార్టర్: 13 నుంచి 24వ రోజు వరకు, 11 బస్తాలు. నిన్ననే చెప్పాను, 11వ రోజు రావాలి. 10వ రోజు సాయంత్రం ఫోన్ చేసి బండి ఖాయమో కాదో కనుక్కోండి. మేత మార్చేటప్పుడు రెండు రోజులు సగం సగం కలిపి వేయాలి.

☐ ఫినిషర్: 25 నుంచి అమ్మకం రోజు 38 వరకు, 21 బస్తాలు. రెండు లోడ్లుగా తెప్పిద్దాం, మొదట 11, తర్వాత 10. స్టార్టర్ 5 బస్తాలకు రాగానే మొదటి లోడు చెప్పండి. ఫినిషర్ 7 మిగిలినప్పుడే రెండోది చెప్పాలి. చివరి వారంలో రోజుకు దాదాపు రెండు బస్తాలు తింటాయి, కాబట్టి 7 అంటే నాలుగు రోజులే.

ఈ 7 ఎందుకో చెప్తాను. గత బ్యాచ్‌లో 4 ఉన్నప్పుడు చెప్పాం, బండి ఒక రోజు ఆలస్యమైంది. మధ్యాహ్నానికి ఫీడర్లన్నీ ఖాళీ. కోళ్లు ఖాళీ పళ్లేలను టకటకా పొడుస్తూ, ఊకలో ఏరుకుంటూ, ఒకదాని తోక ఒకటి పీకడం మొదలుపెట్టాయి. సాయంత్రం మేత పోయగానే అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి, తొక్కిసలాటలో ఏడు చచ్చాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

బస్తాలు దింపేటప్పుడు ఒక్కొక్కటి అడుగు తడిమి చూడండి. తడి తగిలినా, ముక్కిన వాసన వచ్చినా, మేత గడ్డ కట్టి ఉన్నా తిప్పి పంపేయండి, మొహమాటం వద్దు. బూజు మేతలో అఫ్లాటాక్సిన్ ఉంటే కోడి కాలేయం దెబ్బతింటుంది. చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. పాత బస్తా ముందు విప్పాలి.

టీకాలు

☑ లసోటా, 6వ రోజు, కంటి చుక్క: అయిపోయింది.

☐ గంబోరో, 14వ రోజు, తాగే నీళ్లలో: 500 డోసుల వయల్ ఒకటి. 13వ రోజు సాయంత్రం ఐస్ బాక్సు తీసుకెళ్లి తేవాలి, ముందే తెచ్చి పెట్టొద్దు.

☐ లసోటా బూస్టర్, 21వ రోజు: ఇదీ ఒక వయల్, ఇదే పద్ధతి.

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, తలుపు అరలో పెట్టొద్దు. రాత్రి కరెంటు పోయి ఉంటే పొద్దున థర్మామీటరు చూశాకే వయల్ ముట్టుకోండి. అనుమానం వస్తే నాకు చెప్పండి, కొత్తది తెద్దాం. చెడిపోయిన టీకా వేస్తే, వేశామన్న ధైర్యమే తప్ప కోడికి రక్షణ ఉండదు.

నీళ్లలో క్లోరిన్ వేయడం ముందు రోజు నుంచే ఆపాలి. వేసవి కాకపోతే గంటన్నర నీళ్లు తీసేసి, 14వ రోజుకు 7 లీటర్లు, 21వ రోజుకు 10 లీటర్లలో కలపండి. లీటరుకు రెండున్నర గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందు కలిపి, తర్వాతే టీకా. రెండు గంటల్లో తాగేయాలి. మిగిలిన వయల్ దాచొద్దు.

మందులు

☐ ఎలక్ట్రోలైట్ పొడి: ఒక కిలో ఉంది. ఎండ ఎక్కువైన రోజుల్లో, టీకా మర్నాడు. పావు కిలోకు దిగితే తేవాలి.

☐ ఆంప్రోలియం: ఒక ప్యాకెట్టు. రెట్టలో రక్తం కనిపిస్తే ముందు డాక్టరుకు ఫోన్, ఆయన చెప్పిన మోతాదే. ఆ రోజుల్లో బి విటమిన్ టానిక్ ఇవ్వొద్దు, ఈ మందు పనిచేసేదే బి1ను అడ్డుకుని. వాడితే అదే రోజు మరొకటి తెచ్చి పెట్టాలి.

☐ యాంటీబయాటిక్: స్టాక్ ఉంచం. డాక్టరు చీటీ రాస్తేనే కొంటాం. ఇచ్చిన ఆఖరి రోజు నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాయండి. మందు ఆపాక ఇన్ని రోజులు ఆగాలని లేబుల్ మీద ఉంటుంది, అవి దాటితేగానీ కోడి షెడ్డు దాటకూడదు, తినేది మనుషులు.

☐ క్రిమిసంహారిణి: గుమ్మం దగ్గర కాళ్లు ముంచే తొట్టికి. రోజూ మార్చాలి, బురద పడితే అప్పుడే. రెండు లీటర్లు ఉంది, అర లీటరుకు రాగానే చెప్పండి.

☐ సున్నం, ఊక: సున్నం ఒక బస్తా, ఊక ఆరు బస్తాలు. డ్రింకర్ల కింద తడిసిన చోట తీసి కొత్త ఊక వేయాలి. ఊక రెండు బస్తాలకు రాగానే ఆర్డరు.

ఒకే రోజు ఐదు కోళ్లకు మించి చచ్చినా, నీళ్లు తాగడం ఒక్కసారిగా తగ్గినా, జాబితా పక్కన పెట్టి ముందు డాక్టరుకు, తర్వాత నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే.